సగటు 2.9, కొన్ని ఇళ్లలో 18: స్ట్రీమింగ్ వీడియో క్యాంపెయిన్ రీచ్, ఫ్రీక్వెన్సీ డైరీ

పని ఇది. ఒకే 30 సెకన్ల ప్రకటన, నాలుగు వారాలు, మూడు స్ట్రీమింగ్ ప్లాట్‌ఫాంలు, మొత్తం 30 లక్షల ఇంప్రెషన్లు, అంటే ప్రకటనను అన్నిసార్లు చూపడం. మేము చేరదలచుకున్న ఇళ్లు 10 లక్షలు. వాటిలో ప్రకటన కనీసం ఒక్కసారైనా చేరినవి రీచ్, అలా చేరిన ఒక్కో ఇంటికి ఎన్నిసార్లు వెళ్లిందన్నది ఫ్రీక్వెన్సీ. పేర్లు అనవసరం కాబట్టి ప్లాట్‌ఫాంలను పెద్దది, మధ్యది, చిన్నది అంటాను. పెద్దది తన స్థలాన్ని తానే అమ్ముతుంది, తన లాగ్ బయటికి ఇవ్వదు. మధ్యది, చిన్నది మా కొనుగోలు సాఫ్ట్‌వేర్ ద్వారా దొరుకుతాయి. వాటిలో ప్రతి ఇంప్రెషన్‌కూ ఒక వరుస మా చేతికి వస్తుంది.

ఇలాంటి ప్లాన్ వేయబోయేవాళ్లు నేను పడిన గోతుల్లో పడకూడదని రాస్తున్నాను. అంకెలన్నీ ఈ ఒక్క క్యాంపెయిన్‌వే.

## దశ 1: కూడకూడనివి కూడాను

మూడు ప్లాట్‌ఫాంల నుంచి నాలుగు వారాల అంచనాలు వచ్చాయి.

- పెద్దది: 14 లక్షల ఇంప్రెషన్లు, రీచ్ 40 శాతం
- మధ్యది: 10 లక్షలు, రీచ్ 30 శాతం
- చిన్నది: 6 లక్షలు, రీచ్ 20 శాతం

మొదటి షీట్‌లో ఈ మూడింటినీ కూడి 90 శాతం అని రాశాను. అంత తప్పు చేస్తానని నేనూ అనుకోలేదు. కానీ స్ప్రెడ్‌షీట్‌లో నిలువు వరుస కనిపిస్తే చెయ్యి దానంతట అదే కూడికకు పోతుంది. రెండు ప్లాట్‌ఫాంలు చూసే ఇల్లు ఈ కూడికలో రెండు ఇళ్లవుతుంది.

తర్వాత అందరూ వాడే సూత్రం పెట్టాను. ఒక్కో ప్లాట్‌ఫాం చేరని భాగాలను గుణిస్తే ఎవరికీ చేరని భాగం వస్తుంది. దాన్ని ఒకటిలోంచి తీసేయాలి.

```
1 - (1 - 0.40) * (1 - 0.30) * (1 - 0.20) = 0.664
```

66 శాతం. ఇది కూడా ఎక్కువే. పెద్దది చూడటానికీ మధ్యది చూడటానికీ ఏ సంబంధమూ లేదన్న ఊహ మీద ఈ సూత్రం నిలబడుతుంది. నిజానికి స్ట్రీమింగ్ ఎక్కువగా చూసే ఇల్లు మూడింటినీ చూస్తుంది, తక్కువగా చూసే ఇల్లు ఒక్కదానితో సరిపెట్టుకుంటుంది. మా దగ్గరున్న వీక్షకుల సర్వేలో ఏ రెండు ప్లాట్‌ఫాంలను తీసుకున్నా, రెండూ చూసే ఇళ్లు సూత్రం చెప్పినదానికి దాదాపు 1.4 రెట్లు ఉన్నాయి. మూడూ చూసేవి 5.3 శాతం. వాటిని పెట్టి మళ్లీ లెక్కించాను.

```
90 - 1.4 * (12 + 8 + 6) + 5.3 = 58.9
```

అదే డబ్బు, అవే 30 లక్షల ఇంప్రెషన్లు. రీచ్ 90 అనుకుంటే సగటు ఫ్రీక్వెన్సీ 3.3, 66 అనుకుంటే 4.5, 59 అనుకుంటే 5.1. మారింది హారం ఒక్కటే. ప్లాన్‌లో 59 శాతం, 5.1 అని రాసి సంతకం పెట్టించుకున్నాను.

ఒక మాట. ఒక టీవీ ముందు సగటున ఒకరికంటే ఎక్కువమంది కూర్చుంటారు కాబట్టి దాన్ని ఒక గుణకంతో హెచ్చించి చూపమని అడిగారు. ఒప్పుకోలేదు. ఆ గుణకం రీచ్‌నూ ఇంప్రెషన్లనూ ఒకేలా పెంచుతుంది. ఒక ఇంటికి ప్రకటన ఎన్నిసార్లు వెళ్లిందన్నది మాత్రం అక్కడే ఉంటుంది. నాకు కావలసింది ఆ చివరి అంకె.

## దశ 2: క్యాప్, కాగితం మీద

ఎన్నిసార్లు చూపాలన్న ప్రశ్న రాగానే ఎవరో ఒకరు "మూడు" అంటారు. 1972లో హెర్బర్ట్ క్రగ్‌మన్ రాసిన వ్యాసం నుంచి వచ్చిన మాట అది. ఆయన చెప్పింది ఇదేమిటి, దీనితో నాకేమిటి, ఆ తర్వాతవన్నీ గుర్తుచేసుకోవడమే అనే మూడు మానసిక దశల గురించి. ప్రకటనను సరిగ్గా మూడుసార్లు చూపమని కాదు. అయినా ఆ మూడే చలామణిలో ఉంది, నేనూ దానితోనే మొదలుపెట్టాను.

1. మూడు ప్లాట్‌ఫాంలలోనూ వారానికి 3 అని క్యాప్, అంటే అంతకు మించి చూపకూడదన్న పరిమితి.
2. ఖర్చు నాలుగు వారాలకు సమానంగా, వారానికి 7.5 లక్షల ఇంప్రెషన్లు.
3. వారంలో 2 నుంచి 5 సార్లు చూసిన ఇళ్ల సంఖ్య పెరగాలన్నది నా సొంత లక్ష్యం. కొలవడానికి ఒక గీత కావాలి కాబట్టి ఇలా గీశాను.

ప్రతి ప్లాట్‌ఫాం తన 3 తాను లెక్కపెట్టుకుంటుంది, పక్కదాని సంగతి దానికి తెలియదు. అంటే మూడూ చూసే ఇంటికి వారానికి 9 దాకా వెళ్లవచ్చు. అది తెలిసే ఒప్పుకున్నాను. అలాంటి ఇళ్లు 5 శాతమే కదా అనుకున్నాను.

## దశ 3: మొదటి వారం లాగ్

పెద్ద ప్లాట్‌ఫాం ఇళ్లవారీ వరుసలు ఇవ్వదు కాబట్టి, మా లాగ్‌ను వాళ్ల సురక్షిత లెక్కల గదిలోకి ఎక్కించాం. రెండు వైపుల ఇంటి కీలూ అక్కడ జతపడతాయి. బయటికి మొత్తాలే వస్తాయి, ఏ ఇల్లూ విడిగా రాదు. ఇంటి కీ అంటే ఐపీ చిరునామాను గుర్తుపట్టలేని సంకేతంగా మార్చినది. లోపల నడిపిన ప్రశ్న ఇంతే:

```
SELECT freq, COUNT(*) AS homes, SUM(freq) AS imps
FROM (SELECT home_key, COUNT(*) AS freq
      FROM log GROUP BY home_key) t
GROUP BY freq ORDER BY freq;
```

ప్లాట్‌ఫాంలు పంపే వారపు రిపోర్టులో ఈ పట్టిక ఉండదు, సగటు ఉంటుంది. 7.5 లక్షల ఇంప్రెషన్లు, 2.6 లక్షల ఇళ్లు, సగటు 2.9. చూస్తే క్యాప్ చక్కగా పనిచేస్తున్నట్టే ఉంది. విడదీస్తే ఇలా తేలింది.

- 1 సారి: 1,20,000 ఇళ్లు
- 2 సార్లు: 56,000
- 3 సార్లు: 30,000
- 4 నుంచి 5: 26,000
- 6 నుంచి 9: 18,000
- 10, ఆపైన: 10,000

చివరి వరుసలోని 10,000 ఇళ్లు మొత్తం ఇళ్లలో 4 శాతం కూడా కావు. అవి మింగినవి 1,84,000 ఇంప్రెషన్లు, అంటే దాదాపు నాలుగో వంతు. ఆ ఇళ్లలో సగటు 18. గరిష్ఠం 9 ఉండవలసిన చోట 18. మరోవైపు సగానికి కాస్త తక్కువ ఇళ్లకు ప్రకటన ఒక్కసారే వెళ్లింది. ఈ రెండు చివరలూ కలిసి మధ్యలో అందమైన 2.9ని ఇస్తున్నాయి.

ప్లాట్‌ఫాం ప్రతినిధికి ఫోను చేస్తే, "మా వైపు క్యాప్ ఎక్కడా దాటలేదండీ, స్క్రీన్‌షాట్ పంపిస్తాను" అన్నారు. పంపారు కూడా. అది అబద్ధం కాదు. ఆయన లెక్కపెడుతున్న వస్తువు వేరు, నేను లెక్కపెడుతున్న వస్తువు వేరు.

ఇప్పటివరకు లెక్క: బిల్లు అయినవి 7.5 లక్షలు, మిగిలినవి 22.5 లక్షలు.

## దశ 4: 18 ఎక్కడి నుంచి వచ్చింది

ముందు నా కొలబద్దనే అనుమానించాను. అదే మంచిదైంది. చివరి వరుసలోని ఒక్కో కీ వెనుక ఎన్ని పరికరాలున్నాయో లెక్కపెడితే, 1,900 కీల వెనుక పది, అంతకంటే ఎక్కువ పరికరాలు ఉన్నాయి. కొన్నింటి వెనుక వందలు. అవి ఇళ్లు కావు. వసతి గృహాలో, కార్యాలయాలో, వేలమంది వాడకందార్లను ఒకే ఐపీ చిరునామా వెనుక ఉంచే మొబైల్ నెట్‌వర్కులో అయి ఉంటాయి. వాటితో పాటు 70,000 ఇంప్రెషన్లు ఇళ్ల లెక్కలోంచి తీసేశాను. వాటికీ డబ్బు చెల్లించాం, వాటినీ ఎవరో చూసే ఉంటారు. ఎన్ని ఇళ్లో చెప్పలేను, అంతే.

మిగిలినవి 8,100 ఇళ్లు, 1,14,000 ఇంప్రెషన్లు, సగటు 14. ఈ శుద్ధి చేయకుండా క్యాప్ బిగించి ఉంటే లేని జబ్బుకు మందు వేసినట్టయ్యేది. 14 మాత్రం ఉన్న జబ్బే.

మధ్య ప్లాట్‌ఫాం లాగ్ మా దగ్గరే ఉంది కాబట్టి అందులో ఒక కీ తీసి ఒక సాయంత్రమంతా చదివాను.

```
20:14:06  TV  cr_3071
20:14:36  TV  cr_3318
20:41:12  TV  cr_3071
20:41:42  TV  cr_3318
21:07:55  TV  cr_3071
21:08:25  TV  cr_3318
```

ప్రతి బ్రేక్‌లోనూ 30 సెకన్ల తేడాతో రెండు వరుసలు. ఒక ప్రకటన ముగియగానే రెండోది మొదలైంది. cr_3071, cr_3318 రెండూ తెరిచి చూశాను. అదే చిత్రం, అదే నిడివి. ఒకదాన్ని ప్లాట్‌ఫాంతో నేరుగా కుదుర్చుకున్న ఒప్పందంలో ఎక్కించాం, రెండోదాన్ని వేలం దారిలో ఎక్కించాం. ఎక్కించింది ఇద్దరు వేర్వేరు మనుషులు, అందుకే ఐడీలు రెండు. ప్లాట్‌ఫాం దృష్టిలో అవి రెండు ప్రకటనలు. ఒక్కోదానికి 3 చొప్పున క్యాప్ ఉంది, ఒకే బ్రేక్‌లో పక్కపక్కన రాకూడదన్న నియమం కూడా ఐడీనే చూస్తుంది. ఆ ఇంట్లోవాళ్లకు మాత్రం ఒకే ప్రకటన వెంటవెంటనే రెండుసార్లు వచ్చింది, గంటలోపు మూడు బ్రేకుల్లో.

మా లాగ్‌లో కనిపించే మేరకు, చివరి వరుస ఇళ్లకు వెళ్లిన 62,000 ఇంప్రెషన్లను కారణాలవారీగా వేరుచేశాను.

1. రెండు ఐడీల వల్ల: 35,000.
2. పరికరం ఐడీ లేకుండా వచ్చిన అభ్యర్థనల వల్ల: 18,000. ఐడీ లేకపోతే క్యాప్ లెక్కించే యంత్రానికి ప్రతి అభ్యర్థనా కొత్త ఇల్లే. ఐపీ ఉంది కాబట్టి నా కీ మాత్రం వాటిని పట్టుకుంది.
3. ఒకే ఇంట్లో టీవీ, ఫోను, ట్యాబ్ విడివిడిగా లెక్కపడటం వల్ల: 9,000.

ప్రతినిధి పంపిన స్క్రీన్‌షాట్ ఎందుకు నిజమో అప్పుడు అర్థమైంది. ఆయన క్యాప్ పరికరానికీ ఐడీకీ, నా క్యాప్ ఇంటికి.

## దశ 5: రెండో వారం, అతిగా బిగించడం

మార్చినవి:

1. చిత్రం ఒక్కటైతే ఐడీ ఒక్కటే. cr_3318ని తీసేసి, రెండు దారుల్లోనూ cr_3071నే పెట్టాం. ఇకపై ఎక్కించే పని ఒక్కరిదే.
2. పరికరం ఐడీ లేని అభ్యర్థనలకు వేలం పాడవద్దని నియమం.
3. మధ్యది, చిన్నది రెండింటికీ కలిపి మా సాఫ్ట్‌వేర్‌లో ఒకే క్యాప్: ఇంటికి వారానికి 2.
4. పెద్దదానికి వేరే దారి లేదు. అక్కడ క్యాప్ 3 నుంచి 2కు తగ్గించాం. అది ఇప్పటికీ పరికరానికే.

మొదటి రెండూ అదే రోజు ఫలితం చూపాయి. పక్కపక్కన రావడం లాగ్‌లో పూర్తిగా ఆగిపోయింది. మూడోది నన్ను ముంచింది. వారం చివరికి పెద్దది 3.5 లక్షలకు 3.2 లక్షలు ఇచ్చింది. మిగతా రెండూ కలిసి 4 లక్షలకు 1.9 లక్షలే ఇచ్చాయి. గురువారానికే వెనుకబడ్డామని తెలిసినా, వారాంతంలో అందుకుంటుందిలే అని ఊరుకున్నాను. అందుకోలేదు. ఎందుకో ఒక గుణకారం చెప్పేది, ఆర్డరు ఇవ్వకముందే చేసి ఉంటే.

```
max_imps = active_homes_per_week * cap
1,60,000 * 2 = 3,20,000   (order: 4,00,000)
```

అందుబాటులో ఉన్న ప్రతి ఇంటికీ క్యాప్ నిండేదాకా చూపినా 3.2 లక్షలే. నేను అడిగింది 4 లక్షలు. పైగా క్యాప్ నిండేంతగా ప్రతి ఇల్లూ చూడదు. వారంలో ఒక్కసారే తెరిచే ఇళ్లు ఎక్కువ. మాకు నిజంగా అందింది ఆ గరిష్ఠంలో 59 శాతం.

1,60,000 ఎందుకంత చిన్నది? ఇక్కడే అసలు సిగ్గుచేటు. రీచ్ అంచనాలు అడిగినప్పుడు 10 లక్షల ఇళ్ల మొత్తం గుంపు మీద అడిగాను. కొనేటప్పుడు "మరింత ఆసక్తి ఉన్నవారు" అనే అదనపు వడపోత తగిలించాను. అంచనా ఒక గుంపుది, కొనుగోలు ఇంకొక గుంపుది. మొదటి వారంలో ఈ తప్పు బయటపడకపోవడానికి కారణం క్యాప్ కారుతూ ఉండటమే. చిన్న గుంపులోని ఇళ్లకే మళ్లీ మళ్లీ చూపి యంత్రం లెక్క పూర్తిచేసింది. కారడం ఆపగానే గుంపు అసలు పరిమాణం తెలిసింది. ఫ్రీక్వెన్సీ విపరీతంగా ఉన్నచోట క్యాప్ కంటే ముందు గుంపు ఎంతుందో చూడాలన్నది నాకు ఇలా ఎక్కింది.

ఇప్పటివరకు లెక్క: బిల్లు 12.6 లక్షలు. ఇళ్ల లెక్కకు వచ్చినవి 11.7 లక్షలు. రీచ్ 3.5 లక్షల ఇళ్లు, 35 శాతం. సగటు 3.3.

## దశ 6: మూడు, నాలుగు వారాలు

17.4 లక్షలు మిగిలాయి, రెండు వారాలున్నాయి. క్యాప్ సడలించమన్న సలహా వచ్చింది. సడలిస్తే డెలివరీ ఒక్క పూటలో సరిపోతుంది, పోయేది అవే ఇళ్లకు. అందుకని వడపోత తీసేశాను. రెండు ప్లాట్‌ఫాంలలో కలిపి వారానికి అందుబాటులో ఉండే ఇళ్లు 4.6 లక్షలయ్యాయి, గరిష్ఠం 9.2 లక్షలు. దానిలో దాదాపు 60 శాతం చొప్పున మూడో వారానికి 5.6 లక్షలు అడిగాను.

పెద్దదానికి ఎంత ఇవ్వాలన్నది వేరే లెక్క. రెండో వారంలో ఎక్కడ ఎన్ని కొత్త ఇళ్లు దొరికాయో చూశాను. కొత్త ఇల్లంటే మొదటి వారంలో ఎక్కడా ప్రకటన చూడనిది.

- పెద్దది: 3.2 లక్షల ఇంప్రెషన్లకు 38,000 కొత్త ఇళ్లు. వెయ్యికి 119.
- మధ్యది, చిన్నది: 1.9 లక్షలకు 54,000. వెయ్యికి 284.

పెద్దదాని మొత్తం రీచ్ ఇప్పటికీ ఎక్కువే, వాళ్ల రిపోర్టు మొదటి పేజీలో అదే ఉంటుంది. కానీ అక్కడ ఇకపై పెట్టే ప్రతి వెయ్యీ ఎక్కువగా పాత ఇళ్లకే పోతోంది. వారానికి 3.5 నుంచి 2.8 లక్షలకు తగ్గించాను. ఇంకా తగ్గించాలనిపించింది గానీ, మధ్యది, చిన్నది రెండో వారంలో క్యాప్‌తో గొంతు నొక్కుకుని ఉన్నాయి. వాటి 284 అలాగే నిలుస్తుందన్న నమ్మకం లేదు.

మూడో వారం అడిగిన 8.4 లక్షలూ అందాయి. నాలుగో వారంలో చిన్న రెండింటికీ 6.2 లక్షలు అడిగాను. గరిష్ఠంలో 67 శాతం, అంటే నా హద్దు దాటాను. పూర్తవడమైతే పూర్తయింది. కానీ చివరి రెండు రోజుల్లో చాలా ఇంప్రెషన్లు అర్ధరాత్రి దాటాకే పడ్డాయి. యంత్రం వెనుకబడినప్పుడు దొరికిన గంటనల్లా ఏరుకుంటుంది.

మూడో వారం చివర: బిల్లు 21 లక్షలు, ఇళ్ల లెక్కకు 19.8 లక్షలు, రీచ్ 4.55 లక్షలు, సగటు 4.4.

నాలుగో వారం చివర: బిల్లు 30 లక్షలు, ఇళ్ల లెక్కకు 28.5 లక్షలు, రీచ్ 5.31 లక్షలు, సగటు 5.4.

## దశ 7: ఎంత మారింది

ప్లాన్ 59 శాతం, దొరికింది 53. ప్లాన్ సగటు 5.1, వచ్చింది 5.4. ఈ రెండు అంకెలే చూస్తే నేను విఫలమయ్యాను, రిపోర్టులో కూడా అలాగే రాశాను. ఒక వారంలోపలి పంపకం చూస్తే కథ వేరు. శుద్ధి చేసిన మొదటి వారం, నాలుగో వారం:

- 1 సారి చూసిన ఇళ్లు: 46 శాతం నుంచి 31కి
- 2 నుంచి 5 సార్లు: 43 శాతం నుంచి 67కి
- 6 నుంచి 9: 18,000 నుంచి 6,800కు
- 10, ఆపైన: 8,100 నుంచి 600కు

వారపు సగటు మాత్రం 2.6 నుంచి 2.4కే కదిలింది. రెండు వారాల సగటులను పక్కపక్కన పెట్టి చూసేవాళ్లకు ఏమీ జరగలేదనిపిస్తుంది.

లక్ష ఇంప్రెషన్లకు దొరికిన ఇళ్లు 38,000 నుంచి 41,400కు పెరిగాయి. ఇందులో క్యాప్ వాటా ఎంత, వడపోత తీసేయడం వాటా ఎంత అన్నది విడదీయలేను, రెండూ ఈ రెండు వారాల మధ్యే కదిలాయి. మళ్లీ చేస్తే ఒక్కో వారం ఒక్కటే మారుస్తాను. ఇంకో లోటు కూడా ఉంది. ఇంటి ఐపీ మధ్యలో మారితే అదే ఇల్లు నాకు కొత్త ఇల్లుగా కనిపిస్తుంది. నాలుగు వారాల రీచ్‌లో అలాంటివి కొన్ని తప్పకుండా కలిసి ఉంటాయి. ఒక వారం పట్టికల్లో ఆ బెడద తక్కువ, అందుకే పోలిక వాటితోనే చేశాను.

ఆర్డరు షీట్‌లో ఇప్పుడు మూడు కొత్త గళ్లున్నాయి. మూడూ నిండితేనే షీట్ ముందుకు కదులుతుంది.

1. అంచనా తీసుకున్న గుంపు, కొంటున్న గుంపు ఒకటేనా?
2. వారానికి అందుబాటులో ఉన్న ఇళ్లు × క్యాప్ × 0.6, ఆర్డరు కంటే ఎక్కువా?
3. ఈ చిత్రానికి అన్ని దారుల్లోనూ ఉన్న ఐడీలు ఎన్ని?

చివరి రోజున మా లాగ్‌లో 14 దగ్గర ఆగిన కీ ఒకటి కనిపించింది. ఉమ్మడి క్యాప్ 2 ఉండగా 14. తెరిచి చూస్తే, ఆ ఐపీ వెనుకనున్న పరికరాలను మా సాఫ్ట్‌వేర్ ఏడు ఇళ్లుగా విడగొట్టి, ఒక్కోదానికి రెండేసి చూపింది. నిండుగా సామాన్లున్న పెద్ద ఇల్లో, ఓ చిన్న కార్యాలయమో తేల్చడానికి పరికరాలు లెక్కపెట్టాను. తొమ్మిది. నేను గీసిన గీతకు ఒకటి తక్కువ.